పేజీని వదిలిన శీర్షిక: మేడ్చల్ కలెక్టరేట్ వార్త

తెలుగు పత్రికల్లో వార్తా శీర్షిక చాలాకాలం పేజీ మీద ఆధారపడింది. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు తెచ్చాక ఆ ఆధారం మరింత బలపడింది. జిల్లా పేరు, తేదీ పేజీ పైనే ఉండేవి కాబట్టి ‘నేడు కలెక్టరేట్ ప్రారంభం’ అంటే పాఠకుడికి సరిపోయేది. గూగుల్ ఫలితాల్లో అదే శీర్షిక పేజీని వదిలి ఒంటరిగా కనిపిస్తుంది. పేజీ చెప్పిన ఊరు, కాలం ఇప్పుడు శీర్షికే చెప్పాలి. వార్తకు అవసరమైన కీలక పదాలు ముందుగా ఇవే.

ఒక ఉదాహరణ చూద్దాం. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. కలెక్టరేట్ తొలుత కీసరలో నడిచింది. శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కట్టిన కొత్త భవనాన్ని 2022 ఆగస్టు 17న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రారంభించారు. ఈ వార్తకు అభ్యాసం కోసం రాసిన శీర్షికలను పరిశీలించండి.

‘నేడు కొత్త కలెక్టరేట్ ప్రారంభం’: అచ్చులో ఇది సరైనదే. కానీ వారం తరువాత వెతికినవారికి ‘నేడు’ అన్న మాట తప్పుదారి చూపుతుంది. ‘నేడు’ బదులు ‘ఆగస్టు 17న’ అంటే తాజాదనం పోదు, తప్పూ రాదు. కార్యక్రమం ముగిశాక ఆ శీర్షికను మార్చాలి.

‘మేడ్చల్‌లో కలెక్టరేట్ ప్రారంభం’: ప్రజలు వెతికే మాట ‘మేడ్చల్’ ఇందులో ఉంది. అయితే భవనం మేడ్చల్ పట్టణంలో లేదు. ‘మేడ్చల్ కలెక్టరేట్’ అంటే జిల్లా కార్యాలయం. ‘మేడ్చల్‌లో’ అంటే చోటు. ఒక్క ‘లో’ వల్ల అర్జీ పట్టుకొని బయలుదేరిన మనిషి వేరే ఊరిలో బస్సు దిగవచ్చు.

‘కొత్త కలెక్టరేట్ ఎక్కడో తెలిస్తే ఆశ్చర్యపోతారు’: పాఠకుడికి కావలసిన ఒకే ఒక్క సంగతిని ఇది దాచింది. 2016 ఆగస్టులో ఫేస్‌బుక్ ఇలాంటి శీర్షికలను తగ్గించేందుకు రెండు గుర్తులు చెప్పింది: అవసరమైన సమాచారాన్ని దాచడం, లేనిపోని ఆశ కల్పించేలా అతిశయంగా చెప్పడం. ఇక్కడ రెండూ ఉన్నాయి.

‘మేడ్చల్ కలెక్టరేట్: శామీర్‌పేట మండలంలో కొత్త భవనం ప్రారంభం’: వెతికే పేరు మొదట ఉంది, చివరి మాటలు తెరమీద తెగిపోయినా విషయం అందుతుంది. చోటు కూడా సరిగానే ఉంది.

మిగిలింది వర్ణక్రమం. శామీర్‌పేట, షామీర్‌పేట అని రెండు విధాలుగానూ రాస్తారు. రెండింటినీ శీర్షికలో కుక్కితే అది చదవడానికి పనికిరాదు. పత్రిక ఒక రూపాన్నే పాటించాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికేవారికోసం వెబ్ చిరునామాలో `medchal-collectorate-shamirpet` అని ఇస్తే చాలు.

అభ్యాసం: మీ మండలానికి చెందిన ఒక వార్తా శీర్షికను పేజీ నుంచి వేరుచేసి చదవండి. ఊరు, కాలం తెలియకపోతే దానిని తిరగరాయండి.