జాబితాలో లేని గురువుగారు

తమిళనాట పెరిగిన మనకు ఒకే కథ రెండు దారుల్లో వచ్చింది. ఇంట్లో పెద్దల నోట పరమానందయ్య శిష్యులు, తమిళంలో పరమార్థ గురువు. తమిళంలో దాన్ని 18వ శతాబ్దంలో రాసినవాడు ఇటలీ నుంచి వచ్చిన పాదిరి బెస్కి. మనకు ఆయన వీరమామునివర్. 1822లో బాబింగ్టన్ ఇంగ్లీషు అనువాదంతో అది లండన్‌లో అచ్చయింది.

అందులో గుర్రం కథ చూడండి. గురువు తలపాగా కిందపడింది. శిష్యులు తీయలేదు, ఎందుకంటే తీయమని ఎవరూ చెప్పలేదు. "గుర్రం మీదనుంచి ఏది పడినా తీయాలి" అన్నాడు గురువు. ఈసారి గుర్రపు లద్దె తలపాగాలో పట్టి తెచ్చారు. గురువు మండిపడి, తీయవలసినవన్నీ జాబితాగా రాసి ఇచ్చాడు. తరువాత ఆయనే గోతిలో పడ్డాడు. శిష్యులు జాబితా చదువుతూ ఒంటిమీది బట్టలన్నీ ఒక్కొక్కటే తీసుకున్నారు. గురువు పేరు మాత్రం అందులో లేదు! చివరికి గోతిలోనే తన పేరు రాసి ఇచ్చాకే పైకి లాగారు.

ఎందుకు నవ్వొస్తుంది? శిష్యులు ఒక్కసారి కూడా మాట మీరలేదు. మొదటి ఆజ్ఞ మరీ వెడల్పు, రెండోది మరీ ఇరుకు. పాత తప్పును దిద్దిన మాటే కొత్త తప్పుకు దారి తీసింది. చెప్పకుండా వదిలేసినది మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. వాళ్లు కావాలని చేసి ఉంటే అది తెనాలి రామలింగడి కొంటెతనం అయ్యేది. అప్పుడు తెలివిని మెచ్చుకుంటాం. ఇక్కడ భక్తి నిజం, అందుకే గురువు ఎవరినీ తిట్టలేడు. గోతిలో కూర్చుని రాయవలసిందే.