డేటా షీట్ చదవడం ఎలా? నంద్యాల అమ్మోనియా, ఆళ్లగడ్డ రాతి దుమ్ము చెప్పే పాఠం

2020 జూన్ 27న నంద్యాలలోని ఎస్‌పీవై ఆగ్రో ఇండస్ట్రీస్‌లో అమ్మోనియా గ్యాస్ లీకై ఒకరు చనిపోయారు. అప్పటికి విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ దుర్ఘటన జరిగి రెండు నెలలు కూడా కాలేదు. ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ అదే ప్రశ్న వస్తుంది: అక్కడ పనిచేసేవాళ్లకు ఆ గ్యాస్ గురించి ఏం తెలుసు? ఆ సమాచారం ఉండాల్సిన కాగితం ఒకటుంది. దాని పేరు సేఫ్టీ డేటా షీట్, పొట్టిగా ఎస్‌డీఎస్. చాలాచోట్ల అది ఆఫీసు బీరువాలో ఇంగ్లీషులో ఉంటుంది. ట్యాంకు కడిగే, డ్రమ్ములు మోసే కాంట్రాక్టు కార్మికుడి దాకా రాదు.

నంద్యాల ప్రమాదానికి కారణమేమిటో ఈ వ్యాసం చెప్పదు. అమ్మోనియా షీట్‌ను ఉదాహరణగా తీసుకుని, షీట్‌లో ముఖ్యమైన మూడు భాగాలు ఎలా చదవాలో చెబుతుంది. కార్మికులతో కలిసి పనిచేసే కార్యకర్తలకూ విద్యార్థులకూ ఈ చదువు పనికొస్తుంది.

ముందు చూడాల్సింది: ఇది ఆ పదార్థం షీటేనా?

అంతర్జాతీయ పద్ధతిలో తయారైన షీట్‌లో 16 విభాగాలుంటాయి. వాటి వరుస ఎక్కడైనా ఒక్కటే. 2లో ప్రమాదాలు, 4లో ప్రథమ చికిత్స, 8లో గాలిలో ఉండదగ్గ మోతాదు, రక్షణ ఏర్పాట్లు ఉంటాయి. మన దేశంలో 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల 9వ షెడ్యూలులో పాత నమూనా ఒకటుంది. ఆ నమూనాలో ఉన్న షీట్ చేతికొస్తే నంబర్లు కుదరవు కాబట్టి శీర్షికలు చూసి వెతకాలి.

2వ విభాగానికి వెళ్లేముందు 1, 3 విభాగాలు ఒకసారి చూడండి. అమ్మోనియా రెండు రూపాల్లో దొరుకుతుంది. శీతలీకరణ యంత్రాల్లో వాడేది నీరు కలవని అమ్మోనియా. ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. దీని గుర్తింపు సంఖ్య 7664-41-7. రెండోది నీళ్లలో కలిపిన ద్రావణం. రెండింటి ప్రమాదాలూ ఒకటి కావు. ప్లాంటులో మొదటిది వాడుతూ ఫైల్లో రెండోదాని షీట్ పెడితే కాగితం ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ అది వేరే పదార్థం కాగితం. అందుకే పేరు, గుర్తింపు సంఖ్య, గాఢత, షీట్‌ను చివరిసారి సవరించిన తేదీ, ఈ నాలుగూ ముందుగా రాసిపెట్టుకోవాలి.

విభాగం 2: H అంకెలు ఏం చెబుతాయి

ఈ విభాగంలో H అక్షరంతో మొదలయ్యే మూడంకెల కోడ్‌లుంటాయి. H2తో మొదలైతే మంట, పేలుడు, ఒత్తిడి లాంటి భౌతిక ప్రమాదం. H3 అయితే మనిషి ఆరోగ్యానికి ప్రమాదం. H4 అయితే నీటికీ పర్యావరణానికీ ప్రమాదం. నీరు కలవని అమ్మోనియా షీట్‌లో సాధారణంగా ఇవి కనిపిస్తాయి:

- H221: మండే వాయువు.
- H280: ఒత్తిడిలో ఉన్న వాయువు, వేడి తగిలితే పేలవచ్చు.
- H314: చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుంది, కంటిని దెబ్బతీస్తుంది.
- H331: పీలిస్తే విషం.
- H400: నీటిలోని జీవులకు తీవ్ర విషం.

ఇక్కడ అంకెల్లో ఒక మెట్ల వరుస ఉంది. పీల్చడానికి సంబంధించి H330 అంటే ప్రాణాంతకం, H331 అంటే విషం, H332 అంటే హానికరం. చర్మం విషయంలో H314 అంటే కాలడం, H315 అంటే మంట, దురద. ఈ పోలిక ఒకే రకమైన ప్రమాదం లోపలే చెల్లుతుంది. H400 అంకె పెద్దది కాబట్టి H331 కంటే తక్కువ ప్రమాదమని అనుకోకూడదు.

ఒక కంపెనీ షీట్‌లో H331 లేకుండా H332 కనిపిస్తే, అదే పదార్థానికి మరో తయారీదారు ఇచ్చిన షీట్ పక్కన పెట్టి చూడండి. ఒకే పేరు, ఒకే గుర్తింపు సంఖ్య, ఒకే గాఢత ఉండి కోడ్‌లు మారితే, ఎందుకు మారాయని రాతపూర్వకంగా అడగవచ్చు.

విభాగం 4: మొదటి పదిహేను నిమిషాలు

ఈ విభాగం గాలి, కన్ను, చర్మం, నోరు అని దారుల వారీగా ఉంటుంది. అమ్మోనియా విషయంలో మొదటి మూడూ ముఖ్యం.

గ్యాస్ పీల్చిన మనిషిని వెంటనే స్వచ్ఛమైన గాలిలోకి తేవాలి. కానీ తెచ్చేవాడికి శ్వాస పరికరం లేకపోతే అతనూ అక్కడే పడిపోతాడు. ఒకరి కోసం వెళ్లి ఇంకొకరు పోవడం మ్యాన్‌హోల్ మరణాల్లో మనం పదేపదే చూసిందే. కాబట్టి 4వ విభాగాన్ని ఒంటరిగా చదవకూడదు. రక్షించేవాడు ఏం వేసుకోవాలో 8లో ఉంటుంది. లీకును ఎలా అదుపు చేయాలో 6లో ఉంటుంది.

కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని పారే నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. ఆ 15 నిమిషాలు గడియారం చూసి లెక్కపెట్టాలి. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకూడదు, ఎందుకంటే అమ్మోనియా లాంటి క్షారం కంటి లోపలికి దిగుతూనే ఉంటుంది. చర్మం మీద పడినా నీళ్లే మందు. నిమ్మరసం, వెనిగర్‌తో విరుగుడు చేయబోవద్దు. వెన్న, పసుపు, టూత్‌పేస్టు రాయవద్దు. ద్రవ అమ్మోనియా చాలా చల్లగా ఉంటుంది కాబట్టి బట్ట చర్మానికి గడ్డకట్టి అతుక్కోవచ్చు. అలాంటప్పుడు బట్ట లాగితే చర్మం కూడా ఊడివస్తుంది. ముందు నీళ్లు పోసి కరిగించి, తర్వాతే తీయాలి.

ఈ విభాగంలో చాలామంది దాటేసే వాక్యం ఒకటుంది: లక్షణాలు ఆలస్యంగా రావచ్చు. అమ్మోనియా పీల్చినవాళ్లకు మొదట దగ్గు, గొంతు మంట మాత్రమే ఉండి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. "బాగానే ఉన్నాడు, ఇంటికి పంపించాం" అన్నచోట ఈ వాక్యం చూపించాలి. మనిషితోపాటు షీట్ కాపీ కూడా ఆసుపత్రికి వెళ్లాలి. ఏ రసాయనమో తెలియకపోతే డాక్టరుకు విలువైన సమయం పోతుంది.

విభాగం 8: ముందే ఉండాల్సినవి

4వ విభాగం ప్రమాదం తర్వాతి మాట. 8వ విభాగం ప్రమాదం రాకముందు యజమాని ఏం చేసి ఉండాలో చెప్పే మాట. అందుకే కార్యకర్తలకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది ఇదే.

ఇందులో మొదట గాలిలో ఉండదగ్గ మోతాదు ఉంటుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో అమ్మోనియాకు 8 గంటల సగటు 25 పీపీఎంగా, 15 నిమిషాల పరిమితి 35 పీపీఎంగా ఉండేది. పీపీఎం అంటే పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాల గ్యాస్ ఉందో చెప్పే లెక్క. 300 పీపీఎం దగ్గర ప్రాణానికి తక్షణ ముప్పు ఉన్నట్టు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది.

సగటు ఎలా మోసం చేస్తుందో చూడండి. ఒక కార్మికుడు కంప్రెసర్ గదిలో 4 గంటలు 40 పీపీఎంలో, తర్వాత బయట 4 గంటలు 10 పీపీఎంలో పనిచేశాడనుకుందాం. సగటు సరిగ్గా 25 వస్తుంది. రిజిస్టరులో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ మొదటి 4 గంటలూ 15 నిమిషాల పరిమితి 35 దాటిపోయింది. అందుకే సగటు ఒక్కటే కాకుండా విడివిడి రీడింగులు అడగాలి. పైగా ఈ సగటు 8 గంటల రోజుకోసం పెట్టింది. 12 గంటల షిఫ్టు చేసేవాడు అదే 25లో పనిచేస్తే ఒకటిన్నర రెట్లు పీల్చినట్టు.

"వాసన రావడం లేదు కదా" అనే వాదన కూడా చెల్లదు. అమ్మోనియా వాసన తక్కువ మోతాదులోనే తెలుస్తుంది గానీ, కాసేపటికి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. చెప్పాల్సింది ముక్కు కాదు, మీటరు.

తర్వాత రక్షణ ఏర్పాట్లు ఉంటాయి. వాటి వరుస గమనించండి. లీకు కాని యంత్రాలు, గాలిని బయటికి లాగే ఫ్యాన్లు, అలారం, దగ్గరలో కళ్లు కడిగే కుళాయి, షవర్ ముందు వస్తాయి. మాస్కు, గ్లౌజులు చివర. యజమాని మాస్కు ఒక్కటే ఇచ్చాడంటే పై మెట్లన్నీ దాటేసినట్టు. ఆ మాస్కు కూడా గుడ్డదో సర్జికలో అయితే అమ్మోనియాకు పనికిరాదు. అమ్మోనియాకే చేసిన ఫిల్టరు కావాలి, దాని మీద ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. పెద్ద లీకులో ఆ ఫిల్టరూ చాలదు, సిలిండరుతో గాలి అందించే పరికరం కావాలి. షీట్‌లో "తగిన గ్లౌజులు" అని మాత్రమే ఉంటే, ఏ పదార్థంతో చేసినవి, ఎంతసేపు ఆపుతాయి అని అడగండి. నూలు గ్లౌజులు ద్రవాన్ని పీల్చుకుని చర్మానికే పట్టిస్తాయి.

ఆళ్లగడ్డలో: షీట్ రాని ప్రమాదం

ఆళ్లగడ్డ శిల్పాలకు పేరున్న ఊరు. అక్కడ గ్రైండరుతో రాయి కోసేవాళ్ల ప్రమాదం అమ్మోనియాలా ఒక్క రోజులో రాదు. రాయిలో క్వార్ట్జ్ ఉంటే కోతలో లేచే సన్నని దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది. ఆ సిలికా షీట్‌లో కనిపించే కోడ్ H372: ఎక్కువకాలం లేదా పదేపదే పీలిస్తే అవయవాలకు హాని. H331, H372 రెండూ పీల్చడం గురించే. మొదటిది నిమిషాల సంగతి, రెండోది ఏళ్ల సంగతి.

ఇక్కడ 4వ విభాగం దాదాపు ఉత్తిదే. గాలిలోకి తెస్తే తగ్గే జబ్బు కాదిది, నయం చేసే మందూ లేదు. మొత్తం భారం 8వ విభాగం మీదే: తడిపి కోయడం, దుమ్ము లాగే యంత్రం, ఆ తర్వాత సరైన మాస్కు. ఇంకో చిక్కు ఏమిటంటే రాయితోపాటు షీట్ రాదు. గ్రైండింగ్ బిళ్లకు షీట్ ఉన్నా అది ప్రధానంగా బిళ్ల గురించే చెబుతుంది, కోసిన రాయిలో ఏముందో దానికి తెలియదు. కాబట్టి "కొన్న వస్తువు" షీటే కాదు, పనిలో "పుట్టే దుమ్ము" షీట్ కూడా వెతకాలి.

కాగితం ఎలా అడగాలి

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41బి ప్రకారం, ప్రమాదకర ప్రక్రియ నడిపే యజమాని ఆ ప్రమాదాల సమాచారాన్ని కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ చెప్పాల్సి ఉండేది. అప్పుడే చేరిన 111ఎ ఆరోగ్యం, భద్రత సమాచారం పొందే హక్కును కార్మికుడికి ఇచ్చింది. ఆ చట్టం నిర్వచనంలో కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లూ కార్మికులే. దాని స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ యజమాని నుంచి ఈ సమాచారం పొందే హక్కు ఉంది. ఫ్యాక్టరీల శాఖ దగ్గరున్న పత్రాలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

దరఖాస్తులో "భద్రతా వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏదో ఒక కాగితం వస్తుంది. పదార్థం పేరు, గుర్తింపు సంఖ్య, షీట్ తాజా ప్రతి, గత ఏడాది గాలి రీడింగులు తేదీలతో సహా, ఇచ్చిన మాస్కుల రకం, కళ్లు కడిగే కుళాయి ఉన్న చోటు అని విడివిడిగా అడగండి. వచ్చిన జవాబును 8వ విభాగం పక్కన పెట్టి ఒక్కో వరుసా సరిచూడండి. షీట్‌లో ఉండి ప్లాంటులో లేనిది ఏదైతే ఉందో, అదే మీ ఫిర్యాదు.