‘నకిలీ ఖాతా’ అంటూ మీ దుకాణం పేజీని ఆపేశారా? అప్పీలు ఇలా రాయండి

పండగ సీజన్‌లో ఆర్డర్లు వస్తుండగా ‘మీరు వేరొకరిలా నటిస్తున్నారు’ అంటూ బిజినెస్ ఖాతాను నిలిపేస్తే ఏం చేయాలి? కోపంతో రాసే పెద్ద లేఖ కన్నా, పేరు మీదేనని చూపే చిన్న లేఖే పనిచేస్తుంది.

ఎందుకిలా జరుగుతుంది?

‘లక్ష్మీ శారీస్’ లాంటి పేరు ఒకే జిల్లాలో పలు దుకాణాలకు ఉంటుంది. వారిలో ఒకరు ఫిర్యాదు చేసినా, మీరు తయారీ కంపెనీ లోగోను ప్రొఫైల్ ఫొటోగా పెట్టినా అనుమానం వస్తుంది. అప్పీలు చూసేవారు ప్రధానంగా గమనించేది ఒక్కటే: పేజీ పేరు, పత్రంలోని పేరు ఒకటేనా?

ఏ పత్రం పంపాలి?

చాలామంది ఆధార్ మాత్రమే పంపుతారు. అందులో యజమాని పేరే ఉంటుంది, దుకాణం పేరు ఉండదు. జీఎస్టీ సర్టిఫికెట్‌లో ‘లీగల్ నేమ్’ వద్ద యజమాని పేరు, ‘ట్రేడ్ నేమ్’ వద్ద దుకాణం పేరు ఉంటాయి. రెండింటినీ కలిపి చూపేది అదే. జీఎస్టీ లేకపోతే ఉద్యమ్ సర్టిఫికెట్ లేదా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ పంపొచ్చు. ట్రేడ్ నేమ్ గడి ఖాళీగా ఉంటే, ముందు దాన్ని సవరించుకోవడం మేలు.

నమూనా లేఖ

> విషయం: లక్ష్మీ శారీస్ ఖాతా నిలిపివేతపై అప్పీలు
>
> అయ్యా/అమ్మా,
> మా ఖాతా (యూజర్ నేమ్: ……)ను …… తేదీన వేరొకరిలా నటిస్తోందన్న కారణంతో నిలిపేశారు. ఈ పేరుతో …… పట్టణంలో …… సంవత్సరం నుంచి చీరల దుకాణం నడుపుతున్నాను. జీఎస్టీ సర్టిఫికెట్‌లో లీగల్ నేమ్ నాది, ట్రేడ్ నేమ్ మా దుకాణానిది. సర్టిఫికెట్, బోర్డు కనిపించే దుకాణం ఫొటో జతచేశాను. ఇదే పేరున్న ఇతర దుకాణాలతో మాకు సంబంధం లేదు, ఉందని ఎక్కడా చెప్పలేదు. పరిశీలించి ఖాతాను పునరుద్ధరించగలరు.

తయారీదారు లోగో వాడి ఉంటే దాచొద్దు. ‘వారి సరుకు అమ్ముతున్నందున పెట్టాం, ఖాతా తెరవగానే తీసేస్తాం’ అని రాసి, కొనుగోలు బిల్లు జతచేయండి.

ఈ పొరపాట్లు వద్దు

అప్పీలు పెండింగ్‌లో ఉండగా అదే పేరుతో కొత్త ఖాతా తెరిస్తే అనుమానం మరింత బలపడుతుంది. ‘ఖాతా తిరిగి ఇప్పిస్తాం’ అంటూ మెసేజ్ చేసేవారికి ఓటీపీ చెప్పొద్దు.

తిరస్కరిస్తే?

ఆ సంస్థ సైట్‌లో భారత్‌కు సంబంధించిన గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు ఉంటాయి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే, అది అందిన 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి gac.gov.in లో అప్పీలు చేయొచ్చు. ఫిర్యాదు నంబరు, తిరస్కరణ మెయిల్ అక్కడ అవసరమవుతాయి కాబట్టి మొదటి రోజు నుంచే స్క్రీన్‌షాట్లు దాచుకోండి.