ఇంట్లో కాచిన నెయ్యి: దిగుబడి, కిలో ఖర్చు

కొన్న వెన్నను ఇంట్లో కాస్తే కిలోకు సాధారణంగా 760 నుంచి 790 గ్రాముల నెయ్యి వస్తుంది. ఇది ప్యాకెట్ వెన్న లెక్క. చిలికి నీళ్లలో వేసి అమ్మే వెన్నముద్దయితే 650 గ్రాములకే ఆగిపోవచ్చు. వెన్న ధరను ఈ దిగుబడితో భాగిస్తే కిలో నెయ్యి అసలు ధర తేలుతుంది. డెయిరీ వెన్న కొని కాచేవారికి ఈ లెక్క చాలాసార్లు నిరాశే మిగులుస్తుంది.

మన దేశంలో టేబుల్ వెన్నలో కనీసం 80 శాతం పాలకొవ్వు ఉండాలని, తేమ 16 శాతం, ఉప్పు 3 శాతం దాటకూడదని ఆహార ప్రమాణాలు చెబుతాయి. ఉప్పు లేని వంట వెన్నలో 76 శాతం కొవ్వున్నా చాలు. నెయ్యి మాత్రం దాదాపు పూర్తిగా కొవ్వే, 99.5 శాతం. కాబట్టి కిలో టేబుల్ వెన్న పొయ్యి మీద పెట్టామంటే అందులో 800 గ్రాముల కొవ్వు, 160 గ్రాముల నీరు, మిగతా 40 గ్రాములు ఉప్పు, పాలపదార్థాలు అనుకోవచ్చు. నీరు ఆవిరైపోతుంది. ఉప్పు కొవ్వులో కరగదు కనుక పాలపదార్థాలతో కలిసి అడుగుకు చేరుతుంది. గిన్నె అడుగున మిగిలే ఆ ఎర్రటి మడ్డినే చాలా ఇళ్లలో గోదారి అంటారు. ఒక్క చుక్క పోకపోయినా 804 గ్రాములకు మించి నెయ్యి రాదు. గోదారి కొంత నేతిని పీల్చుకుంటుంది, గిన్నెకూ జల్లెడకూ కొంత అంటుకుంటుంది. అవి పోగా చేతికొచ్చేది 780 గ్రాములు, అదీ జాగ్రత్తగా కాస్తేనే.

ఎక్కువమంది పొరపడేది కొలత దగ్గర. దుకాణంలో నెయ్యి లీటర్ల లెక్కన దొరుకుతుంది, వెన్న గ్రాముల లెక్కన. నెయ్యి నీటికంటే తేలిక. లీటరు ప్యాకెట్‌లో ఉండేది 905 గ్రాములే, ఆ అంకె ప్యాకెట్ మీదే చిన్న అక్షరాల్లో కనబడుతుంది. ఇంట్లో కాచిన 780 గ్రాముల నెయ్యి సీసాలో పోస్తే 860 మిల్లీలీటర్ల గీత దాకా వస్తుంది. అది చూసి ‘కిలో వెన్నకు లీటరు దాకా వచ్చిందే’ అని సంబరపడటం సహజం. పోల్చాలంటే రెంటినీ కిలోల్లోకి మార్చాలి.

ఒక అసలు ఉదాహరణ తీసుకుందాం. 2025 సెప్టెంబర్ 22న వెన్న, నెయ్యి రెండింటి మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అప్పుడు అమూల్ 100 గ్రాముల వెన్న ధర 62 రూపాయల నుంచి 58కి, లీటరు నెయ్యి 650 నుంచి 610కి దిగాయి. 58 రూపాయల ప్యాకెట్లు పది కొంటే కిలో వెన్న 580. దాన్ని 0.78తో భాగిస్తే కిలో నెయ్యికి 744 రూపాయలు. గ్యాస్ ఖర్చు పెద్దగా ఉండదు. నీరంతా ఆవిరయ్యేదాకా సన్నని సెగ మీద పెట్టినా 40 నుంచి 50 గ్రాముల గ్యాస్ సరిపోతుంది. సిలిండర్ 900 రూపాయలు అనుకుంటే మూడు రూపాయలు. మొత్తం 747. అటువైపు 610 రూపాయల లీటరు నెయ్యిని 0.905తో భాగిస్తే కిలో 674. అంటే ఇంట్లో కాచింది కిలోకు 70 రూపాయలకు పైగా ఎక్కువ పడింది. చుక్క పోకుండా 804 గ్రాములూ రాబట్టినా కిలో 721 అవుతుంది, అప్పటికీ కొన్నదే చౌక. పెద్ద ప్యాకెట్ కొంటే తేడా కొద్దిగా తగ్గుతుంది.

ఇలా ఎందుకంటే, వెన్న ధరలో కొవ్వు ఖరీదు ఒక్కటే ఉండదు. ముక్కలుగా కోసి చుట్టడానికి, కర్మాగారం నుంచి దుకాణం దాకా చల్లగా ఉంచడానికి అయ్యే ఖర్చూ కలుస్తుంది. నెయ్యికి ఫ్రిజ్ అక్కర్లేదు. పైగా డెయిరీలు మీగడను నేరుగా కాచగలవు, మడ్డిలో చిక్కిన నేతిని యంత్రాలతో తీసుకోగలవు. మన వంటింట్లో ఆ నెయ్యి గోదారితోనే పోతుంది. పోతుందనడం కూడా పూర్తిగా న్యాయం కాదు. ఉప్పు లేని వెన్నదైతే గోదారిలో కాస్త పంచదార కలిపి పిల్లలకు పెడతారు, వేడన్నంలోనూ కలుపుకుంటారు. ఉప్పు వెన్న గోదారి మాత్రం నోట పెట్టలేనంత ఉప్పగా ఉంటుంది, ఎందుకంటే కిలో వెన్నలోని ఉప్పంతా ఆ కాస్త ముద్దలోకే చేరింది. నెయ్యిని బాగా వడకడితే అందులో ఉప్పు రుచి ఉండదు.

వెన్న కొనేముందు లెక్కను తిరగేస్తే పని సులువు. కొనదలచిన నెయ్యి కిలో ధరను వెన్న దిగుబడితో గుణించాలి. వచ్చిన మొత్తం కన్నా వెన్న తక్కువకు దొరికితేనే కాచడం లాభం. నెయ్యి 674 ఉన్నప్పుడు 780 గ్రాములిచ్చే వెన్నకు హద్దు కిలో 525 రూపాయలు. 650 గ్రాములే ఇచ్చే నీళ్ల వెన్నముద్దకు 438. బజార్లో కిలో 480కి వెన్నముద్ద అంటే చవకగా కనిపిస్తుంది గానీ నీరు ఎక్కువైతే అదే ఖరీదైన బేరం. ముందు 100 గ్రాములు తెచ్చి చిన్న స్టీలు గిన్నెలో కాచి, నెయ్యిని వేరే పాత్రలోకి వడకట్టి తూస్తే సరి. చిన్న మోతాదులో అంటుకుపోయేది ఎక్కువ కనుక వచ్చిన అంకెకు రెండు మూడు గ్రాములు కలుపుకోవచ్చు.

కాచే తీరు కూడా దిగుబడిని మారుస్తుంది. వెన్న కరగగానే తెల్లటి నురుగు, పెద్ద బుడగలు, చిటపటలు వస్తాయి. నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. చప్పుడు తగ్గి, బుడగలు సన్నబడి, అడుగున మడ్డి లేత బంగారు రంగుకు తిరిగితే నీరు పోయినట్టే. దక్షిణాదిన ఇంకాస్త కాచి 115, 120 డిగ్రీలకు తెస్తారు, మన నెయ్యికి ఆ ఘాటైన వాసన అక్కడే వస్తుంది. ముందే దించితే తూకం కొద్దిగా పెరుగుతుంది, కానీ పెరిగినది నీరు. అలాంటి నెయ్యి వేడిగా ఉన్నా మసకగా కనిపిస్తుంది, త్వరగా ముక్కవాసన పడుతుంది. మరీ ఆలస్యమైతే మడ్డి నల్లబడి నెయ్యంతా మాడు వాసన కొడుతుంది, అప్పుడు మొత్తం నష్టమే.

ఇంటి పాల మీగడ దాచి చిలికేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. పాల డబ్బు అప్పటికే ఇచ్చేశారు, ఆ పాలు వాడుకున్నారు, నెయ్యికి కొత్తగా అయ్యేది గ్యాసూ శ్రమే. అమెరికాలోని తెలుగు ఇళ్లలో లెక్క మరోలా ఉంటుంది. అక్కడి వెన్నలోనూ కనీసం 80 శాతం కొవ్వు ఉండాలి. ఉప్పు లేని పౌను వెన్న, అంటే 454 గ్రాములు, కాస్తే 355 గ్రాముల నెయ్యి వస్తుంది. పౌను 4 డాలర్లకు దొరికితే కిలో నెయ్యి 11 డాలర్ల పైచిలుకు. పక్కనున్న ఇండియన్ స్టోర్‌లో నెయ్యి సీసా ధరను దాని మీదున్న గ్రాములతో భాగించి చూస్తే, కిలో అంతకన్నా ఎక్కువ పడినచోట వెన్న కాచుకోవడమే మేలు.