తల్లి ఎప్పుడు సవతి తల్లి అయింది? గ్రిమ్ కథల పాఠాంతరాలపై ఒక పరిశీలన

మనం పిల్లలకు చెప్పే స్నో వైట్, సిండ్రెల్లా కథలు మొదట్లో చాలా భయంకరంగా ఉండేవనీ, తరాలు మారేకొద్దీ ఆ క్రూరత్వాన్ని ఏరి పారేశారనీ తరచుగా వింటుంటాం. ఇందులో సగమే నిజం. గ్రిమ్ సోదరుల కథాసంపుటిలో ఏ వాక్యం ఏ ముద్రణలో మారిందో చెప్పడానికి లిఖిత ఆధారాలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే కొన్ని సంగతులు మెత్తబడిన మాట వాస్తవమే. అయితే మరికొన్ని ముందుకన్నా కఠినమయ్యాయి. ఏవి తీసేశారు, ఏవి ఉంచారు, ఏవి కొత్తగా చేర్చారు అన్నది చూస్తేనే ఆ మార్పుల వెనక ఉన్న ఆలోచన అర్థమవుతుంది.

ముందు ఆధారాల సంగతి. 1810లో యాకోబ్, విల్హెల్మ్ గ్రిమ్‌లు అప్పటిదాకా సేకరించిన కథల రాతప్రతిని కవి క్లెమెన్స్ బ్రెంటానోకు పంపారు. ఆయన వాటిని వాడుకోలేదు, తిరిగి పంపనూ లేదు. ఆ కాగితాలు చాలాకాలం తరవాత అల్సాస్ ప్రాంతంలోని ఓలెన్‌బెర్గ్ మఠంలో బయటపడ్డాయి. హైంజ్ రోలెకె వాటిని 1812 నాటి తొలి ముద్రణ పాఠంతో జతచేసి 1975లో ప్రచురించాడు. అందువల్ల అచ్చుకు ముందు కథలు ఎలా ఉండేవో తెలిసింది. 1812 తరవాత 1857 వరకు సంపుటి మొత్తం ఏడు కూర్పులుగా వచ్చింది. 1819 నుంచి దిద్దుబాటు పని ఎక్కువగా విల్హెల్మ్‌దే.

ఈ కథలు పల్లెటూరి రైతుల నోటినుంచి నేరుగా వచ్చాయన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే పక్కన పెట్టాలి. తొలి కథకుల్లో చాలామంది కాసెల్ పట్టణంలోని చదువుకున్న కుటుంబాల యువతులు. కొన్ని కథలైతే పుస్తకాలనుంచే వచ్చాయి. రపుంజెల్ అలాంటిదే. ఫ్రెంచి రచయిత్రి ద లా ఫోర్స్ 1698లో ప్రచురించిన కథను ఫ్రీడ్రిష్ షుల్జ్ 1790లో జర్మన్‌లోకి తెచ్చాడు, గ్రిమ్ సోదరులు దాన్ని కుదించి రాసుకున్నారు. 1812 పాఠంలో రపుంజెల్ తనను పెంచిన దేవకన్యను అమాయకంగా అడుగుతుంది, తన బట్టలు బిగుతుగా అయిపోతున్నాయెందుకని. రాజకుమారుడు రోజూ వచ్చి వెళ్తున్న సంగతి అలా బయటపడుతుంది. ఈ గర్భం సంగతి పిల్లల పుస్తకంలో తగదని విమర్శ వచ్చింది. తరవాతి కూర్పుల్లో ఆ ప్రశ్న పోయి, పైకి లాగేటప్పుడు రాజకుమారుడికన్నా నువ్వే బరువుగా ఉంటావేమని రపుంజెల్ నోరు జారుతుంది. దేవకన్య మంత్రగత్తె అయింది. అయితే కథ చివర ఎడారిలో రపుంజెల్ కవలలతో కనిపించడం మాత్రం 1857 పాఠంలోనూ అలాగే ఉంది. కారణాన్ని చెరిపేసి ఫలితాన్ని వదిలేశారు. పాఠ పరిష్కరణ చేసేవాళ్లు ముందుగా వెతికేది ఇలాంటి మిగులు గుర్తులనే.

స్నో వైట్‌లో జరిగింది ఇంతకన్నా లోతైన మార్పు. కిటికీ దగ్గర కుట్టుపని చేసుకుంటున్న రాణి వేలికి సూది గుచ్చుకుంటుంది, మూడు రక్తపు బొట్లు మంచుమీద పడతాయి. అంత ఎర్రగా, అంత తెల్లగా, కిటికీ చట్రమంత నల్లగా బిడ్డ కావాలని ఆమె కోరుకుంటుంది. మనకు తెలిసిన కథలో బిడ్డ పుట్టగానే ఆమె చనిపోతుంది, ఏడాది తరవాత రాజు మళ్లీ పెళ్లి చేసుకుంటాడు. ఆ చావూ ఆ రెండో పెళ్లీ 1819లో చేర్చినవి. 1812 పాఠంలో రెండో రాణి లేదు. మంచుమీద రక్తం చూసి బిడ్డను కోరుకున్న తల్లే, బిడ్డకు ఏడేళ్లు వచ్చేసరికి అద్దం చెప్పిన మాటకు అసూయపడి, ఆ పాపను చంపమని వేటగాడికి చెప్పి, ఆమెవనుకున్న ఊపిరితిత్తులనూ కాలేయాన్నీ ఉప్పువేసి వండించుకుని తింటుంది. 1810 రాతప్రతిలోనూ తల్లే. అక్కడ వేటగాడు కూడా లేడు. కూతుర్ని బండిలో అడవికి తీసుకెళ్లి, దిగి గులాబీలు కోసుకురమ్మని చెప్పి వదిలేసి వచ్చేది ఆమే.

తినే సన్నివేశం 1857లోనూ ఉంది. క్రూరత్వం తగ్గలేదు, చేసినవారు మారారు. కన్నతల్లి అలా చేస్తుందని పిల్లల పుస్తకంలో చెప్పడం విల్హెల్మ్‌కు భరించరానిదైంది. హాన్సెల్-గ్రెటెల్ కథలోనూ ఇదే జరిగింది. పిల్లల్ని అడవిలో వదిలేద్దామని భర్తను ఒత్తిడి చేసిన తల్లి 1840 కూర్పులో సవతి తల్లి అయింది.

ఈ చరిత్ర తెలిశాక బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో చెప్పిన వ్యాఖ్యానం నిలబడడం కష్టం. పిల్లలు తల్లిమీద కోపాన్ని భరించలేక ఆమెను మంచి తల్లిగా, చెడ్డ సవతి తల్లిగా రెండుగా విడదీసుకుంటారనీ, కథలు ఆ అవసరాన్ని తీరుస్తాయనీ ఆయన అన్నాడు. కానీ ఈ రెండు కథల్లో ఆ విభజన చేసినది పిల్లల మనసు కాదు, ఒక సంపాదకుడి కలం. అలాగని తల్లి ఉన్న పాఠమే ఆది పాఠమనడానికీ లేదు. 1782లోనే మ్యూసేయస్ రాసిన ‘రిఖిల్డె’ అనే కథ స్నో వైట్‌కు దగ్గరి చుట్టం, అందులో ఉన్నది సవతి తల్లే. అంటే రెండు రూపాలూ పక్కపక్కనే ఉండేవి. విల్హెల్మ్ సవతి తల్లిని కనిపెట్టలేదు, తాను ముందు అచ్చువేసిన పాఠాన్ని వదిలి ఆమెను ఎంచుకున్నాడు.

ఇక చేర్చిన క్రూరత్వం. సిండ్రెల్లా అక్కలు చెప్పు పట్టడానికి ఒకరు బొటనవేలు, ఒకరు మడమ కోసుకోవడం 1812 నుంచీ ఉంది. కానీ పెళ్లి వేళ పావురాలు వాళ్ల కళ్లు పొడిచెయ్యడం తొలి ముద్రణలో లేదు, 1819లో వచ్చింది. స్నో వైట్ పెళ్లిలో రాణి ఎర్రగా కాలిన ఇనుప చెప్పులు తొడుక్కుని చచ్చేదాకా నాట్యం చేయడం 1812లోనూ ఉంది, 1857లోనూ ఉంది. తప్పు చేసినవారికి పడే శిక్ష ఎంత భీకరంగా ఉన్నా విల్హెల్మ్‌కు అభ్యంతరం లేదు.

దీనికి ఒక సాక్ష్యం దొరుకుతుంది. పిల్లలు కసాయి ఆట ఆడుకుంటూ ఒకరు మరొకర్ని నిజంగానే చంపే కథ 1812 సంపుటిలో ఉండేది. దానివల్ల పుస్తకాన్ని తన బిడ్డకు ఇవ్వలేకపోతున్నానని ఒక తల్లి అన్నట్టు స్నేహితుడు ఆర్నిమ్ రాశాడు. విల్హెల్మ్ సమర్థించుకున్నాడు: ఈ కథ చిన్నప్పుడు అమ్మే తనకు చెప్పిందనీ, ఆటల్లో జాగ్రత్తగా ఉండడం దానివల్లే నేర్చుకున్నాననీ. భయం నేర్పుతుందన్నది ఆయన నమ్మకం. అయినా 1819లో ఆ కథను తీసేశారు. అందులో చనిపోయే పిల్లవాడు ఏ తప్పూ చేయలేదు. కారణం అదేనని విల్హెల్మ్ ఎక్కడా రాయలేదు కానీ, మిగిలిన మార్పులతో కలిపి చూస్తే అలా అనుకోవడమే సబబని నా అభిప్రాయం.

దేశం మారితే ఏరివేత కూడా మారింది. 1823లో లండన్‌లో ఎడ్గర్ టేలర్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో కాలిన చెప్పులు లేవు. రాణి కోపంతో ఉక్కిరిబిక్కిరై, జబ్బుపడి చనిపోతుంది. క్రుయిక్‌షాంక్ బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకం బాగా అమ్ముడైంది. అది చూసే గ్రిమ్ సోదరులు 1825లో 50 కథలతో, తమ్ముడు లుడ్విగ్ ఎమిల్ బొమ్మలతో పిల్లల కోసం చిన్న కూర్పు తెచ్చారు. బొమ్మలు వేయించే ఆలోచనను టేలర్ నుంచి తీసుకున్నారు, అతని ముగింపును తీసుకోలేదు.