వాల్యుయేషన్ రిపోర్టు నమ్మి ఇల్లు కొంటే నష్టం ఎవరిది?

జనగామలో ఒక కుటుంబం పాత ఇల్లు కొంటోంది అనుకుందాం. దస్తావేజులో 200 గజాలు అని ఉంది. బ్యాంకు లోన్ వద్దనుకుని, దుబాయ్‌లో సంపాదించిన పైసలతోనే కొంటున్నారు. అందుకే బయానా ఇవ్వకముందే ఒక వాల్యూయర్‌ని పిలిచారు. మన దగ్గర సర్వేయర్ అంటే గొలుసు పట్టుకుని భూమి కొలిచే మనిషి గుర్తొస్తాడు. ఇక్కడ మాట్లాడేది ఆస్తి విలువ కట్టి సంతకం పెట్టే నిపుణుడి గురించి. ఇంగ్లండ్‌లో ఈ పని చేసేవాళ్లనూ సర్వేయర్ అనే పిలుస్తారు.

వాల్యూయర్ 5,000 రూపాయల ఫీజు తీసుకున్నాడు. గజం 14,000 చొప్పున 200 గజాలకు 28 లక్షలు, కట్టడానికి 12 లక్షలు, మొత్తం 40 లక్షలు అని రాసిచ్చాడు. ఆ రిపోర్టు చూసి కుటుంబం 40 లక్షలకు రిజిస్ట్రేషన్ చేయించుకుంది. ఆరు నెలల తర్వాత ప్రహరీ కట్టబోతే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు భాగంలో 60 గజాలు పోయాయి. నేల మీద ఉన్నది 140 గజాలే. వాల్యూయర్ టేపు పట్టలేదు, దస్తావేజులోని అంకెను చూసి ఎక్కించాడు.

ఇక్కడ గోడ కూలలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పోయింది డబ్బు ఒక్కటే. ఇలాంటి నష్టాన్ని న్యాయశాస్త్రంలో ప్యూర్ ఎకనామిక్ లాస్ అంటారు. ఒకరి అజాగ్రత్త వల్ల కాలు విరిగితే పరిహారం అడగడం తేలిక. కేవలం డబ్బు పోతే కోర్టులు అంత తేలిగ్గా ఒప్పుకోవు. ఒక మాట వంద చెవుల్లో పడుతుంది, విన్న ప్రతివాడి నష్టానికీ చెప్పినవాడే బాధ్యుడంటే ఆ బాధ్యతకు అంతుండదు అన్నది వాళ్ల భయం.

ఈ తలుపు తెరిచింది ఇంగ్లండ్‌లో 1963లో వచ్చిన హెడ్లీ బర్న్ తీర్పు. ఒక కంపెనీ ఆర్థిక స్థితి బాగానే ఉందని బ్యాంకు చెప్పిన మాట నమ్మి, ఒక ప్రకటనల సంస్థ దాదాపు 17,000 పౌండ్లు పోగొట్టుకుంది. నైపుణ్యం ఉన్నవాడు, అవతలి మనిషి తన మాట మీద ఆధారపడతాడని తెలిసి, బాధ్యత తీసుకుని చెబితే జాగ్రత్తగా చెప్పాల్సిందే అని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. అయినా ఆ సంస్థ ఓడిపోయింది. మాకు బాధ్యత లేదని బ్యాంకు ముందే రాసుకుంది మరి.

జనగామ కుటుంబం విషయంలో ఈ షరతులన్నీ కుదురుతాయి. ఫీజు వాళ్లే ఇచ్చారు, రిపోర్టు వాళ్ల పేరు మీదే ఉంది, ఎందుకు అడుగుతున్నారో వాల్యూయర్‌కు తెలుసు. నేరుగా ఒప్పందమే ఉంది కాబట్టి ఒప్పందం కింద కూడా అడగొచ్చు.

ఇదే ఇల్లు మహబూబాబాద్‌లో ఉందని, కొనేవాళ్లు హోమ్ లోన్ తీసుకుంటున్నారని అనుకుందాం. వాల్యూయర్‌ని పంపింది బ్యాంకు, రిపోర్టు బ్యాంకు పేరు మీద, ఫీజు మాత్రం కొనేవాళ్ల ఖాతాలోంచి కట్ అయింది. కింద చిన్న అక్షరాల్లో 'బ్యాంకు ఉపయోగానికి మాత్రమే' అని ఉంది. అసలు చిక్కు ఇక్కడే. ఇంగ్లండ్‌లో 1989లో స్మిత్ వర్సెస్ ఎరిక్ బుష్ కేసులో అచ్చంగా ఇదే ప్రశ్న వచ్చింది. ఆమె కట్టిన ఫీజు 36.89 పౌండ్లు. పెద్ద రిపేర్లేమీ అవసరం లేదని రిపోర్టు చెప్పింది. కింద ఆధారం తీసేసిన పొగగొట్టాన్ని సర్వేయర్ గమనించలేదు. ఏడాదిన్నర తర్వాత అది కూలి పైకప్పు గుండా ఇంట్లో పడింది. సామాన్యమైన ఇల్లు కొనేవాళ్లు ఆ రిపోర్టు మీదే ఆధారపడతారని సర్వేయర్‌కు తెలుసు కాబట్టి బాధ్యత ఉందని లార్డ్స్ అన్నారు. బాధ్యత లేదన్న షరతు న్యాయంగా లేదని 1977 నాటి చట్టం కింద పక్కన పెట్టారు.

మన దగ్గర ఆ 1977 చట్టం లాంటిది లేదు. ఇంగ్లండ్ తీర్పులను మన కోర్టులు గౌరవిస్తాయి కానీ వాటికి కట్టుబడాల్సిన పని లేదు. అందుకే మహబూబాబాద్ కుటుంబానికి ఆ చిన్న అక్షరాల లైను పెద్ద అడ్డంకి. వాళ్ల చేతిలో ఉన్న బలం ఫీజు కట్ అయిన బ్యాంకు స్టేట్‌మెంటు, రిపోర్టు కాపీ తమకు ఇచ్చినట్టు రుజువు. ఈ రెండూ లేకపోతే కేసు బాగా పలచబడుతుంది.

భూపాలపల్లిలో పరిస్థితి ఇంకా వేరు. అమ్మేవాడు రెండేళ్ల కిందట తన లోన్ కోసం తీయించిన రిపోర్టును వాట్సాప్‌లో పంపాడు, కొనేవాడు దాన్ని నమ్మాడు. ఈ కొనుగోలుదారు ఉన్నాడని కూడా వాల్యూయర్‌కు తెలియదు. 1990 నాటి కపారో తీర్పు ప్రకారం, ఒక పని కోసం ఇచ్చిన నివేదికను వేరే ఎవరో వేరే పనికి వాడుకుంటే రాసినవాడికి బాధ్యత ఉండదు. ఇక్కడ వాల్యూయర్ మీద కేసు నిలవడం కష్టం. రోడ్డుకు భూమి పోయిన సంగతి తెలిసీ దాచిన అమ్మకందారు మీద వెళ్లడమే దారి. ఆస్తిలో ఉన్న ముఖ్యమైన లోపం చెప్పాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అతనికి చెబుతుంది.

మళ్లీ జనగామకు వద్దాం, ఎంత అడగొచ్చో చూద్దాం. గజం 14,000 చొప్పున 140 గజాలకు 19 లక్షల 60 వేలు, కట్టడం 12 లక్షలు, అసలు విలువ 31 లక్షల 60 వేలు. కట్టిన 40 లక్షల్లోంచి అది తీసేస్తే 8 లక్షల 40 వేలు. ఇదీ నష్టం. తర్వాత ఊళ్లో రేట్లు పడిపోతే ఆ భారం వాల్యూయర్ మీద పడదు. విలువ కట్టడం అంటే అంచనా కాబట్టి, రేటు కాస్త అటూ ఇటూ అయినంత మాత్రాన అజాగ్రత్త కాదు. ఇంగ్లండ్ కోర్టులు మామూలు ఇంటికి 5 శాతం, ప్రత్యేకమైన ఆస్తికి 10 నుంచి 15 శాతం తేడాను క్షమిస్తాయి. ఇక్కడ తేడా అసలు విలువలో 26 శాతం దాటింది, పైగా కారణం అంచనా కాదు, కొలవకపోవడం.

వాల్యూయర్ తరఫు లాయర్ మొదట అడిగేది తేదీల గురించే. అగ్రిమెంటు, పెద్ద మొత్తం బయానా రిపోర్టు కంటే ముందే అయిపోతే, 'నమ్మి కొన్నాం' అన్న మాట నిలబడదు.

చాలామంది ముందు పోలీస్ స్టేషన్‌కే పోతారు. హైదరాబాద్ నారాయణగూడ విజయా బ్యాంకు హౌసింగ్ లోన్ల వ్యవహారంలో, ఆస్తి కాగితాల మీద లీగల్ ఒపీనియన్ ఇచ్చిన ప్యానెల్ అడ్వకేట్ మీద సీబీఐ పెట్టిన కేసును హైకోర్టు కొట్టేసింది. 2012లో సుప్రీంకోర్టు దాన్నే సమర్థించింది (సీబీఐ వర్సెస్ కె. నారాయణరావు). మోసంలో చేయి కలిపినట్టు ఆధారం ఉంటేనే క్రిమినల్ కేసు, ఒట్టి అజాగ్రత్త అయితే అది వేరే బాధ్యత అని చెప్పింది. అది లాయర్ కేసే అయినా వాల్యూయర్ విషయంలోనూ ఇదే తర్కం ఎదురవుతుంది.

సివిల్ కోర్టులో సాధారణంగా 3 సంవత్సరాల గడువు ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌లో 2 సంవత్సరాలు. కమిషన్ పరిధిని నిర్ణయించేది పోయిన సొమ్ము కాదు, సేవకు ఇచ్చిన ఫీజు. 5,000 ఫీజు ఇచ్చిన జనగామ కుటుంబం 8 లక్షల 40 వేలు అడిగినా జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు, అక్కడ దరఖాస్తు రుసుము కూడా ఉండదు. అయితే 140 గజాలే ఉన్నాయని రుజువు చేయడానికి భూమి సర్వేయర్ కొలత నివేదిక, అసలు విలువ తేల్చడానికి ఇంకో వాల్యూయర్ రిపోర్టు దాఖలు చేయాల్సి ఉంటుంది.