దూలగొండి గింజ, కదలని కుందేలు

చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు కొండల వైపు వెళ్లేవారికి పొదల మీద అల్లుకునే దూలగొండి తీగ కొత్త కాదు. కాయ మీది నూగు ఒంటికి తగిలిందా, ఇక ఆ పూటంతా దురదే. పశువులు కాసేవాళ్లు దాన్ని చూస్తే ఆమడ దూరం తప్పుకుంటారు. 1937లో మద్రాసులో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి అనే ఇద్దరు జీవరసాయన పరిశోధకులు ఆ కాయలోని గింజ నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ సంగతి ఇంగ్లండులోని బయోకెమికల్ జర్నల్‌లో అచ్చయింది. చోడవరం కూడా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే. అంతకు పాతికేళ్ల ముందే ఐరోపాలో ఒక రకం చిక్కుడు గింజలో ఇదే పదార్థం దొరికింది. అయితే మనిషి మెదడుకు దీనితో ఏం పనో ఆనాడు ఎవరికీ తెలియదు. తెలియడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఆ తెలిసిన దారిలో మన నేల మీది ఇంకో మొక్క కూడా ఉంది.

ఆ మొక్క సర్పగంధి. పాముకాటుకు, నిద్రపట్టనివారికి, ఉన్మాదానికి మన వైద్యులు దాని వేరును తరతరాలుగా వాడారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తోందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించడంతో ప్రపంచం దీని వైపు తిరిగింది. 1952లో స్విట్జర్లాండుకు చెందిన సీబా కంపెనీ శాస్త్రవేత్తలు వేరులోని అసలు మందును వేరుచేసి రిసర్పిన్ అని పేరు పెట్టారు. కొద్ది ఏళ్లలోనే రక్తపోటు రోగులు, మానసిక రోగులు దాన్ని విరివిగా వాడసాగారు. వారిలో కొందరికి ఒళ్లు బిగుసుకుపోవడం, నడక మందగించడం, ముఖంలో కవళికలు లేకుండా పోవడం వైద్యులు గమనించారు. చూడబోతే అది అచ్చం పార్కిన్సన్ వ్యాధే.

స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఆర్విడ్ కార్ల్‌సన్ దీని వెంటపడ్డాడు. కుందేళ్లకు రిసర్పిన్ ఎక్కిస్తే అవి చెవులు వాల్చి, కళ్లు సగం మూసి, పెట్టినచోట పెట్టినట్టే ఉండిపోయేవి. నిజానికి వాటికి పక్షవాతమేమీ లేదు. కండరాలూ నరాలూ బాగానే ఉన్నాయి, కదలిక మొదలవడమే లేదు. రిసర్పిన్ మెదడులోని సెరటోనిన్‌ను ఖాళీ చేస్తుందని అప్పటికే తెలుసు కాబట్టి, సెరటోనిన్‌గా మారే పదార్థాన్ని ఎక్కించి చూశారు. కుందేలు కదల్లేదు. అప్పుడు డోపా ఎక్కించారు. పావుగంట తిరిగేసరికి కుందేలు లేచి తిరగసాగింది. 1957లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసం పేజీ నిడివి కూడా లేదు. ఆ తర్వాత ఏడాది, లేచిన కుందేలు మెదడులో డోపా డోపమైన్‌గా మారిందనీ, దానివల్లే కదలిక తిరిగి వచ్చిందనీ కార్ల్‌సన్ బృందం చూపించింది. మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియాలోనే డోపమైన్ ఎక్కువగా ఉందని కూడా తేలింది. 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమతి దక్కింది.

ఒక్క రసాయనం లేకపోతే బతికున్న జంతువు బొమ్మలా ఎందుకు నిలిచిపోవాలి? అసలు జవాబు దొరకడానికి 1980ల చివరి దాకా ఆగాల్సి వచ్చింది.

బేసల్ గాంగ్లియా కదలికకు ఆజ్ఞ ఇవ్వదు. ఆజ్ఞ పైనున్న మెదడు పొరది. ఆ ఆజ్ఞ సాగాలా, ఆగాలా అన్నది తేల్చడంలో బేసల్ గాంగ్లియాకు పెద్ద పాత్ర ఉంది. దాని చివరి మజిలీ గ్లోబస్ పాలిడస్ లోపలి భాగం. మనిషి కదలకుండా కూర్చున్నప్పుడు కూడా అక్కడి కణాలు సెకనుకు 60, 80 సార్లు సంకేతాలు పంపుతూ థలమస్‌ను అణచి ఉంచుతాయి. పొలం తూముకు తలుపు ఎప్పుడూ దించే ఉంటుందనుకోండి. నీరు కావాలంటే తలుపు ఎత్తాలి. ఇక్కడా అంతే. కదలిక పుట్టాలంటే ఆ అణచివేత కొంతసేపు సడలాలి.

సడలించే దారిని ప్రత్యక్ష మార్గం అంటారు. పైనుంచి ఆజ్ఞ స్ట్రయేటం అనే భాగానికి చేరుతుంది. అక్కడి కొన్ని కణాలు నేరుగా గ్లోబస్ పాలిడస్ లోపలి భాగాన్ని అణచేస్తాయి. అణచేవాడినే అణచడంతో థలమస్‌కు ఊపిరి వస్తుంది, అడుగు పడుతుంది. రెండోది పరోక్ష మార్గం. స్ట్రయేటంలోనే ఉన్న మరో రకం కణాలు గ్లోబస్ పాలిడస్ వెలుపలి భాగాన్ని అణచుతాయి. మామూలుగా ఆ వెలుపలి భాగం సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చిన్న ముద్దను అదుపులో పెడుతుంది. అదుపు పోవడంతో ఆ ముద్ద చెలరేగి గ్లోబస్ పాలిడస్ లోపలి భాగాన్ని ఇంకా ఉసిగొల్పుతుంది. థలమస్ మీద బరువు పెరుగుతుంది, కదలిక ఆగుతుంది. ఒక మార్గం కావలసిన కదలికను వదులుతుంటే, రెండోది అక్కరలేని కదలికలను ఆపుతుంది. కొడవలి పట్టి చెరకు గడ నరికేటప్పుడు ఆ ఒక్క చేయి ఆ ఒక్క వాటంలోనే కదలడం ఈ రెండింటి సాయంతోనే.

ఇక డోపమైన్ సంగతి. సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి మచ్చలోని కణాలు దాన్ని స్ట్రయేటంలోకి పంపుతాయి. ప్రత్యక్ష మార్గపు కణాల మీద డీ1 గ్రాహకాలుంటాయి, డోపమైన్ వాటిని హుషారు చేస్తుంది. పరోక్ష మార్గపు కణాల మీద డీ2 గ్రాహకాలుంటాయి, అదే డోపమైన్ వాటిని నెమ్మది చేస్తుంది. అంటే రెండు వైపులా అది కదలిక పక్షమే. అందుకే అది పోతే దెబ్బ కూడా రెండింతలు. తలుపు ఎత్తే చేయి బలహీనపడుతుంది, దించే చేయి బలపడుతుంది. కుందేలు మెదడులో జరిగింది ఇదే.

పార్కిన్సన్ రోగిలో ఇది ఏళ్లపాటు మెల్లగా జరుగుతుంది. 1960లో వియన్నాలో హెర్బర్ట్ ఎరింగర్, ఒలే హార్నికీవిచ్ చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించి, స్ట్రయేటంలో డోపమైన్ దారుణంగా తరిగిపోయిందని చూపారు. అక్కడి డోపమైన్ సుమారు 70, 80 శాతం పోయేదాకా లక్షణాలు స్పష్టంగా బయటపడవు. మొదట ఒక చేయి నడకలో ఊగడం మానేస్తుంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. రాత చిన్నదవుతూ పోతుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. వణుకు ఉంటేనే ఈ జబ్బని మనలో ఒక నమ్మకం ఉంది. అది సరికాదు. వణుకు లేని రోగులూ ఉంటారు. వైద్యుడు ముందు చూసేది మందగింపునే. బొటనవేలికి చూపుడు వేలిని గబగబా తాకిస్తూ పొమ్మంటే, తాకిన కొద్దీ వేళ్ల మధ్య ఎడం తగ్గిపోతుందా అని గమనిస్తారు.

ఇంట్లో చిన్నవాళ్లయినా ఈ పరీక్ష చేసి చూడవచ్చు, కాని జబ్బు నిర్ధారణ మాత్రం వైద్యుడి పనే.

1961లో వియన్నాలోనే వాల్టర్ బిర్క్‌మాయర్ రోగులకు ఎల్-డోపా సూదిమందు ఇస్తే, మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ డోపాను నోటి ద్వారా మెల్లగా మోతాదు పెంచుతూ ఇచ్చి, రోజువారీ చికిత్సగా నిలబెట్టాడు. డోపమైన్‌నే ఎందుకు ఇవ్వరంటే, అది రక్తం నుంచి మెదడులోకి దాటలేదు, డోపా దాటగలదు. దారిలోనే డోపమైన్‌గా మారిపోయి వాంతులు పెట్టకుండా ఇప్పుడు కార్బిడోపా కలిపి ఇస్తారు.

రెండు మార్గాల బొమ్మను 1989లో ఆల్బిన్, యంగ్, పెన్నీ స్పష్టంగా గీశారు. అది నిజమేనా అన్న పరీక్ష మరుసటి ఏడాదే జరిగింది. బెర్గ్‌మన్, విక్‌మన్, డిలాంగ్ డోపమైన్ కణాలు చచ్చిపోయిన కోతుల్లో సబ్‌థలామిక్ న్యూక్లియస్‌ను దెబ్బతీశారు. పోయినది డోపమైన్ అయితే, తీసేసింది అదుపు తప్పిన ఆ ముద్దను. కోతులు తిరిగి కదిలాయి. ఈనాడు హైదరాబాదులో, మరికొన్ని పెద్ద నగరాల్లో ఎంపిక చేసిన రోగుల మెదడులో సన్నటి తీగ దింపి విద్యుత్ ప్రేరణ ఇచ్చే శస్త్రచికిత్సకు పునాది ఈ ఆలోచనే.

ఈ బొమ్మకూ హద్దులున్నాయి. 2010లో క్రావిట్జ్ బృందం ఎలుకల్లో పరోక్ష మార్గపు కణాలను కాంతితో రెచ్చగొట్టగా ఎలుకలు నిలిచిపోయాయి, ప్రత్యక్ష మార్గాన్ని రెచ్చగొడితే నడిచాయి. బొమ్మ నిలబడింది. 2013లో మాత్రం, ఎలుక ఒక కదలిక మొదలుపెట్టే క్షణంలో రెండు మార్గాలూ కలిసే చురుకవుతాయని తేలింది. ఒకటి పనిచేస్తే రెండోది నిద్రపోతుందనుకోవడం తప్పు. వణుకు ఎందుకు వస్తుందో కూడా ఈ బొమ్మ సరిగా చెప్పలేదు. మందగింపును అది బాగా వివరిస్తుంది. నాకు తెలిసి దాని గొప్పతనం అంతవరకే, అంతే చాలు కూడా.

ఎందుకు చాలంటే, మన ఊళ్లలో రోజూ జరిగే ఒక పొరపాటును అది పట్టిస్తుంది. అరవై దాటిన ఒక పెద్దావిడకు కడుపు ఉబ్బరమని గ్యాస్ మాత్ర రాశారనుకోండి. అందులో లీవోసల్పిరైడ్ కలిసి ఉంది. అది డీ2 గ్రాహకాలను మూసేస్తుంది. డోపమైన్ ఉన్నా పరోక్ష మార్గానికి దాని మాట వినపడదు, తలుపు దించే చేయి అదుపు తప్పుతుంది. రెండు మూడు నెలల్లో ఆవిడ నడక చిన్న అడుగులవుతుంది, రెండు చేతులూ బిగుసుకుంటాయి. పార్కిన్సన్ సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది. మందు వల్ల వచ్చేది తరచూ రెండు పక్కలా ఒక్కసారే కనిపిస్తుంది. వాంతులకు మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా ఇలాంటి పని చేయగలవు. మందు మానేస్తే చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. కారణం ఆ మందేనని గుర్తించక డోపా మాత్ర మొదలెడితే, ఒక మందు చేసిన పనికి మరో మందు బరువు.

దూలగొండి గింజకు మళ్లీ వస్తే, అందులో డోపా నిజంగానే గణనీయంగా, దాదాపు 4 నుంచి 6 శాతం ఉంటుంది. 2004లో లండన్‌లో 8 మంది రోగుల మీద జరిగిన చిన్న పరీక్షలో 30 గ్రాముల గింజల పొడి, మామూలు మాత్ర కంటే త్వరగా పనిచేసింది. అయినా గింజకు గింజకు మోతాదు మారుతుంది, కార్బిడోపా అందులో ఉండదు, పైగా మాత్రతో కలిపితే మోతాదు మించి ఒళ్లు మెలికలు తిరిగే ప్రమాదం ఉంది.

కాబట్టి పొదల్లో ఏరిన గింజలతో చికిత్స మొదలుపెట్టకండి, వైద్యుడు రాసిన డోపా మాత్రను హఠాత్తుగా ఆపకండి. ఇంట్లో పెద్దవాళ్ల కదలిక కొన్ని నెలల్లో మందగిస్తే, వాళ్లు వాడుతున్న ప్రతి మాత్ర అట్టనూ, గ్యాస్ మాత్రతో సహా, ఒక సంచిలో వేసుకుని నరాల వైద్యుడి ముందు పెట్టండి.